రాతి దిమ్మెలో వేడి లెక్క: గాలి తగిలే అంచు దగ్గర నోడ్ సమీకరణం ఎలా రాయాలి

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్‌కి నేను నోడ్ సమీకరణాల పట్టిక మొత్తం బట్టీ కొట్టి వెళ్లాను. లోపలి నోడ్‌కి ఒకటి, గాలి తగిలే అంచుకి ఒకటి, మూలకి ఒకటి. నోడ్ అంటే ఉష్ణోగ్రత కట్టడానికి వస్తువులో మనం ఎంచుకున్న ఒక బిందువు. హాల్లో కూర్చున్నాక అంచు సమీకరణంలో ఒక 2 ఉంటుంది, అది ఏ పదం ముందు వస్తుందో గుర్తుకు రాలేదు. ఏదో ఒకటి రాశాను. వచ్చిన ఉష్ణోగ్రతలు చూస్తే నిజమే అనిపించేలా ఉన్నాయి, అందుకే అనుమానం కూడా రాలేదు. మార్కులు పోయాక గానీ తప్పు ఎక్కడుందో తెలియలేదు.

ఆ పట్టిక అసలు అవసరమే లేదు. ప్రతి నోడ్ చుట్టూ ఒక గడి గీసి, ఆ గడికి ఎన్ని ముఖాలున్నాయో, ఏ ముఖం ఎంత వెడల్పో చూసి, వేడికి జమా ఖర్చు రాస్తే సమీకరణం దానంతట అదే వస్తుంది. ఒక్క ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. కాగితం, పెన్ను, క్యాలిక్యులేటర్ చాలు.

ముందు లెక్క ఏమిటో తేల్చుకోండి

కర్నూలులో ఒక బేకరీ. భట్టీ పైన ఒక పొడవాటి నాపరాయి దిమ్మె ఉందనుకోండి. అడ్డంగా కోసి చూస్తే 20 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. ఎత్తు. పొడవు రెండు మీటర్ల దాకా ఉంటుంది. పొద్దుటి నుంచి భట్టీ మండుతూనే ఉంది కాబట్టి దిమ్మె అడుగు 120 °C దగ్గర నిలకడగా ఉంది. మిగతా మూడు వైపులా, అంటే రెండు పక్కలా పైనా, గాలి తగులుతోంది. మే నెల, గాలి 40 °C.

రాయి ఉష్ణ వాహకత k = 2 W/m·K అనుకుందాం. సున్నపురాయి జాతి రాళ్లకి ఇది నమ్మదగిన అంకె. గాలి వేడిని లాక్కునే గుణకం h = 10 W/m²·K. ఫ్యాన్ లేని గదిలో, ఉపరితలం నుంచి రేడియేషన్‌గా పోయేదాన్ని కూడా కలుపుకుని, మామూలుగా ఇలాంటి అంకే వేస్తారు. రాళ్లు ఒక్కో గనిలో ఒక్కో రకంగా ఉంటాయి, బేతంచెర్ల రాయీ తాడిపత్రి రాయీ ఒకేలా ఉండాలని లేదు. కాబట్టి నిజం దిమ్మెకి చేసేటప్పుడు మీ రాయి అంకె వేసుకోండి, పద్ధతి మారదు.

పొడవు ఎక్కువ కాబట్టి రెండు కొసల దగ్గర తప్ప మిగతా అంతటా అడ్డకోత ఒకేలా ఉంటుంది. వేడి పొడవు దిశలో కదలదు, అడ్డంగానూ నిలువుగానూ మాత్రమే కదులుతుంది. ఇలాంటి లెక్కని టూ డైమెన్షనల్ అనడానికి కారణం ఇదే. లెక్కంతా 1 మీటరు పొడవుకి చేస్తాం. ఉష్ణోగ్రతలు కాలంతో మారడం లేదు కాబట్టి ఏ గడిలోనూ వేడి నిల్వ ఉండదు, వచ్చిందంతా పోవాలి. మనం రాసే ప్రతి సమీకరణానికీ ఆధారం ఈ ఒక్క మాటే.

గ్రిడ్ గీయండి, గడులు గీయండి

10 సెం.మీ. ఎడంతో గ్రిడ్ వేద్దాం. చాలా ముతక గ్రిడ్ ఇది, నిజమే. కానీ చేత్తో తేలాలంటే ఇదే నయం. పైగా నోడ్లు నాలుగే అయినా లోపలిదీ అంచుదీ మూలదీ అన్ని రకాలూ ఉన్నాయి.

```
          గాలి 40
        D----C----D
        |    |    |
గాలి 40  B----A----B  గాలి 40
        |    |    |
       120--120--120
```

ఎడమ పక్క ఎలా ఉందో కుడి పక్క అలాగే ఉంది కాబట్టి రెండు వైపులా ఒకే పేర్లు పెట్టాను. A లోపలి నోడ్, B పక్క అంచు మీద ఉన్నది, C పైభాగం మధ్యలో, D మూలలో. అడుగున ఉన్న మూడూ 120 అని ముందే తెలుసు, వాటికి సమీకరణం రాయక్కర్లేదు.

చాలామంది నోడ్లు పెట్టగానే సమీకరణాల్లోకి దూకేస్తారు. ఒక్క నిమిషం ఆగి, పక్కపక్క నోడ్ల మధ్య సగం దూరంలో గీతలు గీయండి. అప్పుడు ప్రతి నోడ్‌కీ తనదైన గడి ఏర్పడుతుంది. A చుట్టూ 10 × 10 గడి వస్తుంది. B అంచు మీదే ఉంది కాబట్టి దాని గడి బయటికి పోలేదు, లోపలి సగమే మిగులుతుంది: 5 వెడల్పు, 10 ఎత్తు. C గడి 10 వెడల్పు, 5 ఎత్తు. D గడి పావు వంతే, 5 × 5. నా అనుభవంలో అంచు నోడ్ల తప్పులన్నీ ఈ బొమ్మ గీయకపోవడం వల్ల వచ్చినవే.

డిగ్రీకి ఎన్ని వాట్లు?

గడిలోకి వేడి వచ్చే దారులు రెండే రకాలు. రాయిలోంచి పక్క నోడ్ నుంచి వచ్చేది ఒకటి, గాలి నుంచి వచ్చేది ఇంకొకటి.

రాయిలోంచి వచ్చే వేడి = k × ముఖం వెడల్పు × 1 మీటరు × (పక్క నోడ్ − ఈ నోడ్) ÷ నోడ్ల మధ్య దూరం. గాలి నుంచి వచ్చే వేడి = h × ముఖం వెడల్పు × 1 మీటరు × (40 − ఈ నోడ్).

ఈ రెండింటిలోనూ ఉష్ణోగ్రత తేడాని పక్కన పెట్టి మిగిలినదాన్ని ముందే లెక్క కట్టి ఉంచుకోండి. ఒక డిగ్రీ తేడాకి ఆ దారిలో ఎన్ని వాట్లు పారతాయో అది చెబుతుంది. మన దిమ్మెకి వచ్చేవి నాలుగే అంకెలు. రాయిలో నిండు ముఖానికి 2 × 0.1 ÷ 0.1 = 2. రాయిలో సగం ముఖానికి 2 × 0.05 ÷ 0.1 = 1. గాలి తగిలే నిండు ముఖానికి 10 × 0.1 = 1. గాలి తగిలే సగం ముఖానికి 10 × 0.05 = 0.5.

గుర్తుల గురించి ఒక మాట. వేడి ఎటు నుంచి ఎటు పోతుందో ఆలోచించి ప్లస్, మైనస్ పెట్టబోతే కచ్చితంగా తికమక పడతారు. అన్ని వైపుల నుంచీ వేడి ఈ గడిలోకే వస్తున్నట్టు రాయండి, ఎప్పుడూ "పక్కది − నాది". నిజంగా వేడి బయటికి పోతుంటే ఆ అంకె దానంతట అదే మైనస్ అవుతుంది. గాలికీ ఇదే పద్ధతి: 40 − B అని రాయాలి, B − 40 అని కాదు. భట్టీ మీది రాయి గాలికంటే వేడిగా ఉంటుందని మనకి తెలుసు కదా అని ఇక్కడ మాత్రం తిప్పి రాస్తే లెక్కంతా పాడవుతుంది.

A నుంచి మొదలుపెడదాం

A గడికి నాలుగు ముఖాలు, నాలుగూ రాయిలోనే, నాలుగూ నిండువే. కింద 120, పైన C, రెండు పక్కలా B.

2(120 − A) + 2(C − A) + 2(B − A) + 2(B − A) = 0

2తో భాగిస్తే:

120 + C + 2B − 4A = 0

లోపలి నోడ్ దాని నాలుగు పక్క నోడ్ల సగటు అని పుస్తకాల్లో చెప్పేది ఇదే. అడ్డం ఎడమూ నిలువు ఎడమూ సమానం కాబట్టే ఇంత సులువుగా వచ్చింది. అడ్డంగా 10, నిలువుగా 5 పెట్టి ఉంటే నిలువు దారికి డిగ్రీకి 4 వాట్లు, అడ్డం దారికి 1 వాటు వచ్చేవి. అప్పుడు సగటు మాట చెల్లదు కానీ జమా ఖర్చు మాత్రం చెల్లుతుంది.

B: గాలి తగిలే అంచు

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. కుడి పక్క B ని తీసుకోండి. గడి 5 వెడల్పు, 10 ఎత్తు.

ఎడమ ముఖం A వైపు చూస్తోంది. ఆ ముఖం నిలువుగా ఉంది, దాని కొలత గడి ఎత్తు, అంటే 10 సెం.మీ. కాబట్టి నిండు ముఖం, 2 వాట్లు. గడి సగమైంది కదా అని దీన్ని కూడా సగం చేసేవాళ్లున్నారు. గడి వెడల్పు సగమైంది గానీ ఎత్తు తగ్గలేదు.

పై ముఖం D వైపు చూస్తోంది. ఇది అడ్డంగా ఉన్న ముఖం, దాని కొలత గడి వెడల్పు, 5 సెం.మీ. మాత్రమే. సగం ముఖం, 1 వాటు. కింది ముఖం కూడా అంతే, 120 వైపు 1 వాటు.

కుడి ముఖం గాలి వైపు. కొలత 10 సెం.మీ., గాలి నిండు ముఖం, 1 వాటు.

జమ రాస్తే:

2(A − B) + 1(D − B) + 1(120 − B) + 1(40 − B) = 0

సర్దితే:

2A + D + 160 − 5B = 0

పరీక్షలో అక్షరాలతో సాధారణ రూపం అడిగితే ఇదే జమని k, h, Δ అలాగే ఉంచి రాయండి. గ్రిడ్ ఎడం రెండు వైపులా Δ అయినప్పుడు మొత్తాన్ని k/2 తో భాగిస్తే ఇది వస్తుంది:

2·T_లోపల + T_పైన + T_కింద + (2hΔ/k)·T_గాలి − 2(hΔ/k + 2)·T = 0

నేను హాల్లో మరిచిపోయిన 2 మొదటి పదంలో ఉన్నదే. లోపలి దారి నిండుది, అంచు వెంబడి దారులు సగానివి. ఆ రెండింటి నిష్పత్తే ఆ 2. మన అంకెల్లో hΔ/k = 0.5, వేసి చూసుకోండి, పై సమీకరణమే వస్తుంది.

ఈ రూపంలోంచి ఇంకొకటి ఉచితంగా దొరుకుతుంది. h = 0 వేస్తే అది ఇన్సులేషన్ చేసిన అంచు. పట్టికలో దానికి వేరే వరుస ఉంటుంది, విడిగా గుర్తుపెట్టుకోవడం దండగ.

C, D

C గడి B గడినే పడుకోబెట్టినట్టు ఉంటుంది. కింద A వైపు నిండు ముఖం 2, రెండు పక్కలా D వైపు సగం ముఖాలు ఒక్కొక్కటి 1, పైన గాలి 1.

2(A − C) + 1(D − C) + 1(D − C) + 1(40 − C) = 0

2A + 2D + 40 − 5C = 0

D మూల. గడి 5 × 5, కాబట్టి నాలుగు ముఖాలూ సగానివే. ఎడమ C వైపు 1, కింద B వైపు 1. గాలి మాత్రం రెండు ముఖాలకి తగులుతోంది, పైనా పక్కనా. ఒక్కొక్కటి 0.5, రెండూ కలిపి 1. మూలకి గాలి ఒక్క వైపే తగులుతుందన్నట్టు 0.5 మాత్రమే వేయడం బాగా కనిపించే పొరపాటు.

(C − D) + (B − D) + (40 − D) = 0

B + C + 40 − 3D = 0

తేల్చడం

నాలుగు సమీకరణాలు, నాలుగు తెలియనివి. చేత్తో చేసేవాళ్లకి ఒక చిట్కా: అన్ని ఉష్ణోగ్రతల్లోంచీ 40 తీసేయండి. అప్పుడు గాలి 0, అడుగు 80 అవుతాయి, స్థిరాంకాలు చాలా వరకు మాయమవుతాయి. చిన్న అక్షరాలతో రాస్తే మూల సమీకరణం నుంచి b = 3d − c, పైభాగం నుంచి a = 2.5c − d. వీటిని మిగతా రెండింట్లో వేస్తే 16d = 10c + 80, 11c = 80 + 10d. అక్కడి నుంచి c = 27.37, d = 22.11, b = 38.95, a = 46.32. మళ్లీ 40 కలపండి:

A = 86.3, B = 78.9, C = 67.4, D = 62.1 °C.

నోడ్లు ఎక్కువైతే ఇలా కుదరదు. అప్పుడు గాస్-సైడల్ పద్ధతి పట్టుకోండి: ప్రతి సమీకరణాన్నీ దాని సొంత నోడ్‌కి తిప్పి రాసి, కొత్తగా వచ్చిన విలువని వెంటనే తర్వాతి దాంట్లో వాడుతూ పోవడం. అన్నీ 80 అని మొదలుపెడితే మొదటి చుట్టులో A = 90, B = 84, C = 76, D = 66.7 వస్తాయి. రెండో చుట్టులో 91, 81.7, 71.1, 64.3. A ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది, కంగారు పడొద్దు. ల్యాప్‌టాప్ ఉంటే:

```python
A = B = C = D = 80.0
for n in range(60):
    A = (120 + C + 2*B) / 4
    B = (2*A + D + 160) / 5
    C = (2*A + 2*D + 40) / 5
    D = (B + C + 40) / 3
print(A, B, C, D)
```

ఎవరి సమీకరణాన్ని వాళ్లకే తిప్పాలి, అది ముఖ్యం. B సమీకరణాన్ని A కోసం తిప్పితే లెక్క ఒక చోట నిలవకుండా అంకెలు ఎటో పారిపోవచ్చు. సొంత నోడ్ ముందున్న అంకె మిగతావాటన్నిటి మొత్తంకంటే తక్కువ కాకూడదు. జమా ఖర్చు సరిగ్గా రాస్తే అది ఎలాగూ అలాగే వస్తుంది.

తప్పు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి పరీక్ష చాలా తేలిక. దిమ్మె, అడుగు, గాలి అన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే ఎక్కడా వేడి కదలకూడదు. అంటే ప్రతి సమీకరణంలోనూ ఉష్ణోగ్రతల ముందున్న అంకెల మొత్తం సున్నా కావాలి. B లో చూడండి: A కి 2, D కి 1, అడుక్కి 1, గాలికి 1, చివర −5. మొత్తం సున్నా. సర్దేటప్పుడు ఒక పదం గుర్తు తప్పినా, ఒక పదం జారిపోయినా ఇక్కడే దొరికిపోతుంది.

కానీ నా పరీక్ష హాల్ తప్పు దీనికి దొరకదు. అప్పుడు నేను చేసింది B గడికి పైనా కిందా ఉన్న సగం ముఖాల్ని కూడా నిండువిగా వేయడం. మన అంకెల్లో అది 2(A − B) + 2(D − B) + 2(120 − B) + 1(40 − B) = 0 అవుతుంది. ఇందులోనూ అంకెల మొత్తం సున్నానే. మిగతా మూడు సమీకరణాలు సరిగ్గానే ఉంచి దీన్ని తేలిస్తే A = 89.4, B = 84.0, C = 69.5, D = 64.5 వస్తాయి. అన్నీ 40కీ 120కీ మధ్యలోనే ఉన్నాయి, మూల అన్నిటికంటే చల్లగా ఉంది, లోపల వేడిగా ఉంది. చూసి ఎవరు అనుమానిస్తారు?

దీన్ని పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, భాగించి సర్దక ముందు రాసిన జమల్ని పక్కపక్కన పెట్టి చూడడం. B నుంచి D కి దారి డిగ్రీకి ఎన్ని వాట్లో, D నుంచి B కి కూడా అన్నే ఉండాలి, దారి ఒక్కటే కదా. తప్పు లెక్కలో B జమలో అది 2, D జమలో 1. అక్కడే బయటపడుతుంది. అందుకే సర్దిన సమీకరణాలు మాత్రమే కాగితం మీద ఉంచి, మొదట రాసిన జమల్ని కొట్టేయకండి.

రెండోది, మొత్తం దిమ్మెకి జమా ఖర్చు. అడుగు నుంచి నోడ్లకి ఎక్కిన వేడి: మధ్యలో 2 × (120 − 86.32) = 67.4 వాట్లు, రెండు పక్కలా B లకి 2 × 1 × (120 − 78.95) = 82.1. మొత్తం 149.5 వాట్లు. గాలిలోకి పోయింది: రెండు B ల నుంచి 2 × 1 × 38.95 = 77.9, C నుంచి 27.4, రెండు మూలల నుంచి 2 × 1 × 22.11 = 44.2. మొత్తం 149.5. సరిపోయింది. తప్పు లెక్కలో ఇదే పని చేస్తే, అడుగు నుంచి ఎక్కింది 133 వాట్లు, గాలిలోకి పోయింది 166 వాట్లు. ఆ 33 వాట్లు ఎక్కడి నుంచి పుట్టాయి? దిమ్మెలో నిప్పేమీ లేదు.

ఇక్కడొక మెలిక ఉంది, దీని దగ్గర చాలామంది బోల్తా పడతారు. 149.5 వాట్లు భట్టీ నుంచి దిమ్మెలోకి వెళ్లే మొత్తం వేడి కాదు. అడుగున రెండు మూలల్లో ఉన్న 120 నోడ్లకి కూడా చిన్న గడులున్నాయి, వాటికి పక్క నుంచి 5 సెం.మీ. మేర గాలి తగులుతోంది. వాటికి సమీకరణం రాయలేదు కాబట్టి అవి మన కంటికి ఆనలేదు. ఆ ముఖాల నుంచి పోయేది 2 × 0.5 × 80 = 80 వాట్లు. అది కూడా భట్టీయే ఇస్తోంది. కాబట్టి మొత్తం 229.5 వాట్లు, మీటరు పొడవుకి. ఉపరితలం మొత్తం మీద h × వైశాల్యం × తేడా కట్టి ఒక వైపు 229.5, ఇంకో వైపు 149.5 వస్తే నోడ్ సమీకరణాలు తప్పని చింపేయకండి. తేడా సరిగ్గా ఆ 80 అయితే మరిచిపోయింది ఈ గడుల్నే.

గ్రిడ్ ఎంత ముతకైతే ఎంత నష్టం?

ఇదే దిమ్మెకి ఎడం 5 సెం.మీ. చేసి మళ్లీ కట్టాను. సగం బొమ్మకి పన్నెండు తెలియనివి. డిగ్రీకి వాట్లు: రాయిలో నిండు 2, సగం 1 అలాగే ఉంటాయి, ఎందుకంటే ముఖమూ దూరమూ కలిసి తగ్గాయి. గాలివి మాత్రం సగమవుతాయి, 0.5, 0.25. పాత నాలుగు చోట్లా ఇప్పుడు వచ్చినవి: A = 85.7, B = 77.1, C = 66.4, D = 61.0 °C.

రెండు డిగ్రీల లోపే తేడా. ఎడం సగం చేస్తే పొరపాటు ఇంచుమించు నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి, వచ్చిన మార్పులో మూడో వంతు ఇంకా తీసేస్తే అసలు విలువకి దగ్గరవుతాం: A కి 85.7 నుంచి 0.2 తీస్తే 85.5, B కి 77.1 నుంచి 0.6 తీస్తే 76.5. శ్రేణి పద్ధతిలో విడిగా కట్టి చూస్తే 85.4, 76.5 వచ్చాయి. 10 సెం.మీ. గ్రిడ్‌కి ఇది గొప్ప ఫలితమే.

మొత్తం వేడి దగ్గర మాత్రం అంత గొప్పగా లేదు. 229.5 వాట్లు కాస్తా 216కి దిగింది, ఆరు శాతం దాకా. దానికి కారణం అడుగు మూలే. అడుగు అంతా 120 అని మనం పట్టుకున్నాం, అంటే ఆ గీత వెంబడి ఉష్ణోగ్రత తేడా లేదు, పక్కకి వేడి పోకూడదు. కానీ సరిగ్గా ఆ మూలలో గాలి 80 డిగ్రీల తేడాతో వేడిని పక్కకి లాగుతోంది. రెండు షరతులూ ఒకే బిందువు దగ్గర పొసగవు, అందుకే అక్కడ ఉష్ణోగ్రత చాలా తక్కువ దూరంలో గబగబా మారిపోతుంది. ముతక గ్రిడ్ ఆ మార్పుని చూడలేక, 5 సెం.మీ. ముఖం మొత్తాన్నీ 120 గా లెక్కేసింది. మీకు కావలసింది పైభాగం ఎంత వేడెక్కుతుందన్నదే అయితే 10 సెం.మీ. చాలు. భట్టీ ఎంత వేడి పోగొట్టుకుంటోందో కావాలంటే అడుగు మూలల దగ్గర గ్రిడ్ సన్నం చేయండి, పైన ముతకగానే ఉంచుకోవచ్చు. ఎడం మారిన చోట ముఖాలూ దూరాలూ సమానంగా ఉండవు, అక్కడ పట్టికలో వరుస దొరకదు, గడి గీసి జమ రాసుకోవాల్సిందే.